'మళ్ళీ' అనే మాట లేని ఉత్తరం

సోమవారం పొద్దున ఆఫీసులో అందరికీ ఒక చిన్న మెయిల్ వస్తుంది. పక్క సీటు సాతోగారి తండ్రి శనివారం రాత్రి పోయారు, ఆయన ఈ వారమంతా సెలవులో ఉంటారు. యోకొహామాలో ఉద్యోగం చేస్తున్న మన తెలుగమ్మాయి ఒకరు ఆ మెయిల్ చదివారనుకుందాం. రెండేళ్ళుగా ఆయనతో కలిసి పనిచేస్తోంది. జపనీస్ బాగానే వచ్చు. మనసు పెట్టి, తెలుగులో అనుకున్నది అనుకున్నట్టు జపనీస్‌లో రాసింది.

"మీ నాన్నగారు చనిపోయారని విని చాలా బాధపడ్డాను. మరీ మరీ నా సానుభూతి తెలుపుతున్నాను. ఆయన ఆత్మకు శాంతి కలగాలి. రకరకాల పనులతో మీకు ఊపిరి సలపదని తెలుసు, ధైర్యంగా ఉండండి. మళ్ళీ మెయిల్ చేస్తాను."

తెలుగులో వీటిలో తప్పు పట్టేదేమీ లేదు. జపనీస్‌లో మాత్రం ఈ ఐదు వాక్యాల్లో ఒక్కటి కూడా ఇలా పంపదగింది కాదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది సులువుగానే అర్థమవుతుంది. చనిపోయారు అనడానికి 'షిందా' అని నేరుగా రాయకూడదు. పెద్దవారి గురించి, అందులోనూ ఎదుటివారి తండ్రి గురించి రాసేటప్పుడు 'గొసేక్యొ' అనాలి. మనం కాలం చేశారు, పరమపదించారు అన్నట్టే. హఠాత్తుగా పోతే 'హఠాన్మరణం' అనకుండా 'అనుకోని విషయం విని' అని రాస్తారు. బతికున్నప్పుడు అనరు, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో అంటారు.

ఇలా అనకూడని మాటలకు అక్కడ 'ఇమికొతొబ' అని పేరు. ఈ ఆచారం చాలా పాతది. 927లో పూర్తయిన ఎంగిషికి అనే రాజశాసన గ్రంథంలో, ఇసే మందిర సేవకు వెళ్ళిన రాజకుమారి నివాసంలో పలకకూడని మాటల పట్టిక ఉంది. అక్కడ చావును 'నయమవడం' అనాలి, జబ్బును 'విశ్రాంతి' అనాలి, రక్తాన్ని 'చెమట' అనాలి. తెలుగువాళ్ళకు ఇది వింతగా అనిపించదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం, దీపం ఆరితే కొండెక్కిందంటాం. కీడు మాటను దాని ఎదురు మాటతో కప్పడం మన ఇళ్ళలోనూ ఉన్నదే.

అసలు చిక్కు రెండో వాక్యంలో ఉంది. ఆ అమ్మాయి 'మరీ మరీ' అనే అర్థంలో 'కసనెగసనె' అని రాసింది. జపనీస్ మాటే, మర్యాదైన మాటే. కానీ చావు కబురుకు జవాబుగా రాసేటప్పుడు జంట మాటలు ఏవీ వాడకూడదు. వీటిని 'కసనెకొతొబ' అంటారు, ఒకదాని మీద ఒకటి పేర్చిన మాటలని అర్థం. మాటిమాటికీ అనే 'తబితబి', ఇంకా ఇంకా అనే 'మసుమసు', ఒకదాని వెంట ఒకటి అనే 'త్సుగిత్సుగి', రకరకాల అనే 'ఇరొఇరొ' అన్నీ ఈ కోవలోవే. మాట రెండుసార్లు పలికితే ఆ దుఃఖం కూడా రెండోసారి ఆ గడప తొక్కుతుందన్న భయం దీని వెనక ఉంది. అదే కారణంతో మళ్ళీ అనే 'మత', 'ఫుతతబి', ఇక మీదట కూడా అనే 'హికిత్సుజుకి' కూడా పనికిరావు. ఉత్తరం చివర తాజా కలం రాయడం కూడా తగదు. ఒకదాని వెనకే ఇంకొకటి వచ్చినట్టవుతుంది.

దీన్ని మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. చావింటికి పరామర్శకు వెళ్ళి లేచేటప్పుడు మనం 'వెళ్ళొస్తాను' అనం. ఏ ఇంటి నుంచి బయల్దేరినా తప్పకుండా అనే మాటను ఆ ఒక్క ఇంట్లో మింగేసి, మౌనంగా చెప్పులేసుకుని వచ్చేస్తాం. ఇలాంటి పని మీద ఈ ఇంటికి మళ్ళీ రావలసిన అవసరం రాకూడదని. జపనీస్ ఉత్తరంలో 'మత' అన్న మాట రాయకపోవడం సరిగ్గా అదే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే పట్టికలు బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

అయితే జంట మాటలను వెతికి తీసేయడం పైకి కనిపించినంత తేలిక కాదు, ఎందుకంటే అవి రోజూ రాసే మెయిళ్ళలో చేతికి అలవాటైపోయి ఉంటాయి. ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పేటప్పుడు జపనీయులు ముందు 'కురెగురె మొ' అని చేరుస్తారు. ఆఫీసు మెయిల్ చివర 'హికిత్సుజుకి యొరొషికు' అని ముగించడం మామూలు. రెండూ మర్యాద కోసం నేర్చుకున్నవే, రెండూ ఇక్కడ తప్పే. అక్కడ పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఎక్కువగా తడబడేది ఈ చోటే. అందుకని పంపే ముందు ఒకసారి గట్టిగా చదువుకోవాలి. ఒకే శబ్దం వెంట వెంటనే రెండుసార్లు చెవిన పడితే అక్కడ ఆగాలి. 'కురెగురె మొ' బదులు దయచేసి అనే 'దోక' పెడితే సరిపోతుంది. జపనీస్ రాతలో ఒకే అక్షరం రెండోసారి రాయకుండా వాడే గుర్తు ఒకటి ఉంది, అది కంటపడినా ఒకసారి చూసుకోవాలి. మనుషుల పేర్లకు మాత్రం ఈ నియమం లేదు. ససకి అనే ఇంటిపేరులో ఆ గుర్తు ఉంటుంది, దాన్ని ఉన్నది ఉన్నట్టే రాస్తారు.

మూడో వాక్యం, ఆత్మకు శాంతి. దీనికి నిఘంటువు చూసి చాలామంది రాసేది 'గొమేఫుకు ఒ ఒఇనొరి షిమసు'. టీవీలో, పత్రికల్లో ఎప్పుడూ వినిపించే మాటే కాబట్టి అనుమానం రాదు. కానీ మేఫుకు అంటే పోయినవారు పరలోకపు చీకటి దారిలో క్షేమంగా సాగాలన్న కోరిక, అది బౌద్ధపు మాట. ఆ ఇల్లు క్రైస్తవులదో షింతో సంప్రదాయానిదో అయితే అది అతకదు. బౌద్ధుల్లోనే, 13వ శతాబ్దపు గురువు షిన్‌రన్ బోధను అనుసరించే జోదో షిన్షూ శాఖవారు కూడా దీన్ని వాడరు. పోయినవారు ఆ క్షణమే పుణ్యలోకంలో పుడతారని వారి నమ్మకం, ఇక నడవడానికి చీకటి దారి ఎక్కడిది? జపాన్‌లోని పెద్ద బౌద్ధ శాఖల్లో అదొకటి కాబట్టి ఈ పొరపాటు జరగడానికి అవకాశం ఎక్కువే. సాతోగారిది ఏ శాఖో సహోద్యోగులకు తెలిసే అవకాశం తక్కువ, ఈ సమయంలో అడగలేం కూడా. పోయినవారి ప్రయాణం జోలికి వెళ్ళకుండా, ఉన్నవారి దుఃఖంలో పాలుపంచుకునే 'ఒకుయమి' దగ్గరే ఆగిపోవడం మేలు.

నాలుగో వాక్యంలో 'ఇరొఇరొ' సంగతి చూశాం. ధైర్యంగా ఉండండి అనడానికి ఆమె రాసిన 'గంబత్తె' ఇమికొతొబ కాదు, అయినా వదిలేయడమే మంచిది. అది గట్టిగా ప్రయత్నించమని చెప్పే మాట. తండ్రి పోయి, నిద్ర లేక, శవపేటిక పక్కన కూర్చుని వచ్చేపోయేవారికి తలవంచి నమస్కరిస్తున్న మనిషి అప్పటికే తన శక్తినంతా కూడదీసుకుని ఉన్నాడు. ఇంకా ప్రయత్నించమని అతనికి ఏం చెబుతాం? ఎలా జరిగింది, ఏం జబ్బు అని అడగడం కూడా అంతే. మన దగ్గర అడగకపోతే పట్టించుకోలేదనుకుంటారు. అక్కడ అడిగితే, తండ్రి చివరి గంటలను ఆయన చేత ఇంకోసారి చెప్పించినట్టవుతుంది.

ఇన్ని తీసేశాక ఏం మిగులుతుంది? ఆ అమ్మాయి పంపదగిన మెయిల్ ఇంతే.

"సాతో-సన్,
ఒతోసమ నొ గొసేక్యొ ఒ షిరి, కొకొరొ యొరి ఒకుయమి మోషియగెమసు.
షిగొతొ నొ కొతొ వ వతషితచి దె తయో షిమసు నొదె, దోజొ గొషింపయి నసరనయిదె కుదసయి.
దోక గొమురి ఒ నసరజు, ఒకరద ఒ తయిసెత్సు ని నసత్తె కుదసయి.
గొహెన్షిన్ ని వ ఒయొబిమసెన్."

సాతోగారూ, మీ తండ్రిగారు కాలం చేశారని తెలిసింది, మనస్ఫూర్తిగా సంతాపం తెలుపుతున్నాను. ఆఫీసు పనులు మేం చూసుకుంటాం, వాటి గురించి దిగులు పడకండి. దయచేసి శ్రమ పడకుండా ఆరోగ్యం కాపాడుకోండి. దీనికి జవాబు రాయనవసరం లేదు. అంతే. పైన పలకరింపు మాటలు లేవు, ఎండావానల ప్రస్తావన లేదు, ఆశ్చర్యార్థకాలు, బొమ్మలు లేవు. సబ్జెక్ట్‌లో కూడా 'ఒకుయమి మోషియగెమసు' అని రాసి, తన పేరు చేరిస్తే చాలు, తెరవకముందే సంగతి తెలుస్తుంది.

నాకు ఈ మెయిల్లో ఆత్మీయత కనిపించేది చివరి వాక్యంలో. ఎవరు ఏం పంపినా బదులివ్వకుండా ఉండలేని సమాజం అది. సంతాపాలకు కూడా ఒక్కొక్కరికీ జవాబు రాయాలని ఆయన మనసు పీకుతూనే ఉంటుంది. రాయక్కర్లేదు అనడం ఆ బరువును ఆయన భుజం మీద నుంచి దించడమే. పని సంగతి చెప్పిన వాక్యమూ అలాంటిదే.

మెయిల్ కాకుండా అంత్యక్రియల చోటికి టెలిగ్రాం పంపే ఆచారం అక్కడ ఇంకా ఉంది. దాన్ని 'చోదెన్' అంటారు, 115కి ఫోన్ చేసి కూడా పంపొచ్చు. అందులో ఒతోసమకు బదులు 'గొసొంపుసమ' అనే మరింత గౌరవమైన మాట వాడతారు. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. టెలిగ్రాం సాధారణంగా కర్మ నడిపించేవారి పేరున వెళుతుంది. సాతోగారి అమ్మగారే ఆ బాధ్యత తీసుకుని, టెలిగ్రాం ఆవిడ పేరున పంపితే, పోయినాయన ఆవిడకు తండ్రి కాదు, భర్త. అప్పుడు గొసొంపుసమ అని రాస్తే ఆవిడ తండ్రి పోయినట్టు అవుతుంది. 'గొషుజిన్‌సమ' అనాలి. వరస ఎప్పుడూ అందుకునేవారి వైపు నుంచి లెక్క.

చేత్తో ఉత్తరం రాసేవారు కాగితం విషయంలోనూ ఇదే పట్టింపు పాటిస్తారు. లోపల రెండో పొర ఉన్న కవరు మామూలుగా గౌరవానికి గుర్తు, సంతాపానికి మాత్రం ఒంటి పొర కవరే వాడాలి. ఉత్తరం కూడా ఒక్క కాగితంలోనే ముగించాలి. రెండో పొర, రెండో కాగితం ఏవీ ఉండకూడదు.

వారం తర్వాత సాతోగారు ఆఫీసుకు వస్తారు. ఇబ్బంది పెట్టానంటూ అందరికీ తలవంచి, బహుశా ఒక స్వీట్ల పెట్టె బల్ల మీద పెడతారు. జనవరిలో ఆఫీసు తెరిచిన రోజు అందరూ 'అకెమషితె ఒమెదెతో' అని కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు చెప్పుకుంటూ ఉంటారు. ఆ ఏడు సాతోగారి ఇంట్లో పండగ లేదు. ఆయన సీటు దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి 'ఒహయో గొజయిమసు' అని మామూలు పొద్దుటి పలకరింపే పలికి, ఈ ఏడాదీ మీ సహకారం ఉండాలని చెప్పి, తన కుర్చీలో కూర్చుంటుంది.