వాన కనిపించాలంటే వెలుగు వెనక ఉండాలి

“వానలో తడిసిన డాబా మీద ఒక అమ్మాయి నాట్యం చేస్తోంది. వెనక నుంచి డ్రమటిక్ లైటింగ్. కట్స్ పాట లయకు సరిగ్గా పడాలి.” మ్యూజిక్ వీడియో చేయాలనుకున్నవాళ్లు ఏఐ వీడియో యాప్‌లో మొదట టైప్ చేసేది ఇలాంటి ప్రాంప్టే. కాసేపటికి ఒక ముక్క తయారై వస్తుంది. డాబా ఉంటుంది, అమ్మాయి ఉంటుంది. వాన మాత్రం బూడిదరంగు మసకలా కనిపిస్తుంది. వెనక లైటు అడిగినా ముఖమంతా సమానంగా వెలుగుతుంటుంది. కట్స్ పడతాయి గానీ తాళం మీద పడవు.

నెపం మొత్తం యంత్రం మీదకు నెట్టలేం. ఆ మూడు వాక్యాల్లో మూడు రకాల పనులున్నాయి. నాట్యం యంత్రం గీయగలిగినది. లైటింగ్ కూడా గీయగలదు, కానీ దీపం ఎక్కడుందో మనం చెప్పాలి. లయకు తగ్గ కట్ ప్రాంప్టుతో వచ్చేది కాదు, అది ఎడిటింగ్ టేబుల్ దగ్గరి పని. ఈ మూడింటినీ విడదీసుకుంటే సగం కష్టం తీరుతుంది.

ముందు వెలుగు సంగతి. చినుకు పారదర్శకం. ముందు నుంచి లైటు వేస్తే ఆ వెలుగు చాలావరకు చినుకులోంచి దూరి అవతలికి పోతుంది, కెమెరా వైపు తిరిగొచ్చేది తక్కువ. అదే లైటు చినుకు వెనక ఉంటే, వెలుగు నీటిలో కొద్దిగా వంగి నేరుగా కెమెరాలోకి వస్తుంది. రాత్రి వానలో హైవే మీద వెళ్లేటప్పుడు ఎదురుగా వచ్చే లారీ హెడ్‌లైట్ల ముందు ప్రతి చినుకూ తళతళలాడుతుంది. లారీ దాటిపోగానే అదే వాన కనిపించకుండా పోతుంది. సినిమావాళ్లకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. 1952లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘సింగిన్ ఇన్ ద రెయిన్’లో జీన్ కెల్లీ వానలో ఆడే పాటకు నీళ్లలో పాలు కలిపారని ఒక కథ చాలాకాలం నడిచింది. నిజానికి ఆ వానను కనిపించేలా చేసింది పాలు కాదు, వెనక నుంచి వేసిన లైట్లు. ‘ఆత్మబలం’ రోజుల నుంచి ‘వర్షం’ దాకా వాన పాటలు చూస్తూ పెరిగిన మనం ఈసారి ఏ వాన పాట చూసినా చినుకులు ఎటువైపు నుంచి మెరుస్తున్నాయో గమనించవచ్చు.

దీనికి తోడు ఇంకొకటి కావాలి. చినుకు వెనకాల చీకటి ఉండాలి. తెల్లటి ఆకాశం ముందో, సున్నం వేసిన గోడ ముందో మెరిసే చినుకు ఆ తెలుపులోనే కలిసిపోతుంది. కాబట్టి ప్రాంప్టులో ‘డ్రమటిక్’ అన్న విశేషణం రాయడం కన్నా దీపం ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, దాని చుట్టూ ఏముంది అన్నది రాయడం మేలు. దీపం నేరుగా ఫ్రేములో కనిపిస్తే ఆ కాంతికి దృశ్యమంతా వెలిసిపోతుంది. దాన్ని వాటర్ ట్యాంకు వెనక దాచాలి, లేదా ఫ్రేముకు కాస్త పైన, పక్కన పెట్టాలి.

అలా రాసిన ప్రాంప్టు ఇలా ఉంటుంది:

“రాత్రి. మూడంతస్తుల ఇంటి డాబా, చుట్టూ నడుము ఎత్తు పిట్టగోడ, ఎడమవైపు నల్లటి వాటర్ ట్యాంకు. ట్యాంకు వెనక దాగిన ఒకే ఒక పెద్ద లైటు, మనిషికన్నా ఎత్తులో, కెమెరా వైపు తిరిగి ఉంది. ముందు నుంచి వేరే లైటు లేదు. వెనక ఆకాశం నల్లగా ఉంది. వాన జోరుగా, ఎడమ నుంచి కుడికి కొంచెం ఏటవాలుగా పడుతోంది. నేల మీద పలుచగా నీళ్లు నిలిచి లైటును ప్రతిఫలిస్తున్నాయి. ఇరవై ఏళ్ల అమ్మాయి, తడిసిన జడ, విశాలమైన అంచున్న పావడా, ఓణీ. కెమెరాకు పక్కకు తిరిగి నిలబడి, రెండు చేతులూ ఒంటికి దూరంగా చాచి, ఒక్కసారి గుండ్రంగా తిరిగి ఆగింది. పూర్తి మనిషి కనిపించే షాట్, కెమెరా కదలదు. ఒకే షాట్, మధ్యలో కట్ లేదు.”

పక్కకు తిరిగి నిలబడమనడానికి కారణం ఉంది. వెనక లైటులో ముఖకవళికలూ బట్టల రంగూ చాలావరకు పోతాయి, మిగిలేది ఆకారం. చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని వేసే అడుగులు ఈ వెలుగులో ఒక నల్లటి ముద్దలా కనిపిస్తాయి. చేతులు విడిగా చాచినప్పుడు, పావడా అంచు విచ్చుకున్నప్పుడు, జడ విసిరినప్పుడు ఆ అంచుల వెంట వెలుగుగీత పడుతుంది. అందుకే అడుగులు ఎంచుకునేటప్పుడే నీడబొమ్మగా చూస్తే అర్థమవుతాయా అని ఆలోచించాలి. నిలిచిన నీళ్లు అడగడం కూడా అలంకారం కోసం కాదు. వెనక లైటు నీళ్ల మీద పడి కిందనుంచి కాస్త వెలుగు పైకి వస్తుంది. ముఖం పూర్తిగా మాయమవకుండా ఆ కాస్త వెలుగే కాపాడుతుంది.

వాన ఎలా కనిపించాలో కూడా తేల్చుకోవాలి. రెండు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు దాదాపు ఆరున్నర మీటర్ల వేగంతో కిందపడుతుంది. మామూలు సినిమా కెమెరాలో ఒక ఫ్రేము సెకనులో 48వ వంతు కాలం వెలుగును పట్టుకుంటుంది. ఆ కాస్తలోనే చినుకు పదమూడు సెంటీమీటర్ల పైచిలుకు జారిపోతుంది కాబట్టి తెర మీద అది గీతలా కనిపిస్తుంది. చినుకులు విడివిడిగా ముత్యాల్లా కనిపించాలంటే స్లో మోషన్ అడగాలి. అడుగులు వేసే షాట్లలో మాత్రం అడగవద్దు, నాట్యం కూడా నెమ్మదించి పాటకు అతకదు. షూటింగుల్లో దీనికి ఒక చిట్కా ఉంది. కెమెరాను రెట్టింపు వేగంతో నడుపుతూ, పాటను కూడా రెట్టింపు వేగంతో వినిపించి డాన్సరును ఆడమంటారు. తెర మీద వాన నెమ్మదిగా, అడుగు తాళానికి సరిగ్గా కనిపిస్తుంది. ఏఐ యాప్‌తో ఈ పని నమ్మకంగా జరగదు. కాబట్టి స్లో మోషన్‌ను పాదం కింద చిందే నీళ్లకు, జడ నుంచి రాలే చినుకులకు ఉంచుకోవడం మంచిది.

ఇక లయ. వాక్యం నుంచి వీడియో తయారుచేసే చాలా యాప్‌లకు మీ పాట వినిపించదు. గూగుల్ 2025 మేలో విడుదల చేసిన వియో 3 లాంటివి ధ్వనిని కూడా తయారుచేస్తాయి గానీ ఆ ధ్వని వాటిదే, మీ పాట కాదు. పైగా అది ఒకసారికి ఇచ్చింది ఎనిమిది సెకన్ల ముక్క. ‘లయకు కట్స్ పడాలి’ అని రాస్తే యంత్రం తనకు తోచిన చోట షాటు మార్చేస్తుంది, ఆ ముక్కను మళ్లీ తాళానికి సర్దుకోవడం చాలా కష్టం. అందుకే పై ప్రాంప్టులో ‘మధ్యలో కట్ లేదు’ అని రాయాల్సి వచ్చింది.

లెక్క ముందే వేసుకుంటే పని తేలిక. పాట టెంపో నిమిషానికి 96 దెబ్బలు అనుకుందాం. 60ని 96తో భాగిస్తే ఒక దెబ్బకు 0.625 సెకను. సెకనుకు 24 ఫ్రేముల వీడియోలో అది సరిగ్గా 15 ఫ్రేములు. డాన్స్ మాస్టర్లు లెక్కపెట్టే ఎనిమిది దెబ్బలకు అయిదు సెకన్లు. అన్ని పాటలకూ ఇంత చక్కగా భాగహారం తెగదు. నిమిషానికి 100 దెబ్బల పాటలో ఒక దెబ్బ 14.4 ఫ్రేములు. అలాంటప్పుడు ప్రతి షాటునూ 14 ఫ్రేములకు కోసుకుంటూ పోతే కాసేపటికే బొమ్మ తాళం కన్నా ముందుకు పోతుంది. షాటు పొడవును లెక్కపెట్టడం మాని, పాటలోని ప్రతి దెబ్బ దగ్గరా ఎడిటింగ్ యాప్‌లో గుర్తు పెట్టుకుని ఆ గుర్తుల దగ్గర కోయాలి.

మన 96 దెబ్బల పాటలో ఇరవై సెకన్ల బిట్టు తీసుకుందాం. మొత్తం 32 దెబ్బలు. మొదటి ఎనిమిదీ ఆ డాబా మొత్తం కనిపించే షాట్‌కే ఇవ్వాలి, చూసేవాడికి చోటు తెలియాలి. తర్వాతి నాలుగు నడుము పైనుంచి, ఆమె తల తిప్పే షాటు. ఆ తర్వాత రెండు దెబ్బలు పాదాలు, రెండు దెబ్బలు చేతులు. ఇక్కడికి సగం అయింది. ఇప్పుడు డప్పు జోరందుకునే చోట నాలుగు దెబ్బలకు నాలుగు షాట్లు, ఒక్కొక్కటీ 15 ఫ్రేములే. అక్కడితో ఆపేసి, వెంటనే ఎనిమిది దెబ్బల పాటు ఒక్క కట్ కూడా లేకుండా పూర్తి మనిషి నాట్యం చూపించాలి. చివరి నాలుగు ఆగిన భంగిమ. ప్రతి దెబ్బకూ కోస్తూ పోతే పది సెకన్లలో కన్ను అలసిపోతుంది, నాట్యం కూడా కనపడదు. పొడవు షాట్ల మధ్య వచ్చినప్పుడే ఆ నాలుగు పొట్టి షాట్లకు బలం.

ప్రతి షాటుకూ కావలసిన దాని కన్నా పొడవైన ముక్క తయారు చేయించుకోవాలి. రెండు దెబ్బలకు 30 ఫ్రేములే కావాలన్నా అయిదు సెకన్ల ముక్క అడిగి, పాదం నేలను తాకే క్షణం వెతికి, ఆ ఫ్రేమును దెబ్బ మీద కూర్చోబెట్టాలి. లయ పుట్టేది అక్కడే. కట్ దెబ్బ మీద పడి అడుగు ఇంకెక్కడో పడితే చూసేవాడికి ఏదో తేడాగా అనిపిస్తుంది, ఎందుకో చెప్పలేడు. చాలామంది ఎడిటర్లు కట్‌ను దెబ్బకు ఒకటి రెండు ఫ్రేముల ముందే వేస్తారు, కొత్త బొమ్మను కన్ను అందుకునేసరికి దెబ్బ వినిపిస్తుంది.

షాట్లన్నీ ఒకే రాత్రి, ఒకే డాబా మీద జరిగినట్టు ఉండాలంటే ప్రాంప్టులో చోటు, లైటు, వాన, బట్టల వర్ణన ఒక్క అక్షరం మారకుండా ప్రతిసారీ ఉండాలి. మారేది ఆమె చేసే పని, కెమెరా దూరం మాత్రమే. ముందుగా ఒక ఫొటో తయారు చేసుకుని, దాన్నే ప్రతి ముక్కకూ ఆధారంగా ఇవ్వగలిగితే ముఖం మారిపోవడం బాగా తగ్గుతుంది.

వచ్చిన ముక్కను ధ్వని ఆపేసి, నెమ్మదిగా నడిపి చూడాలి. మొదట నీడ. లైటు నిజంగా వెనక ఉంటే ఆమె నీడ కెమెరా వైపు పడాలి. గోడ మీద వెనక్కి పడితే యంత్రం రహస్యంగా ముందు లైటు వేసేసిందన్నమాట. తర్వాత పాదాలు. తడినేల మీద అడుగు వేయకుండా జారుతున్నట్టు కదలడం ఈ యాప్‌లలో తరచుగా కనిపించే లోపం. అడుగు పడిన చోట నీళ్లు చిందాలి, నేలలోని ప్రతిబింబం ఆమెతోపాటే తిరగాలి. జోరు వానలో జుట్టు పొడిగా ఉన్నా, గిరగిరా తిరిగేటప్పుడు చేతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయినా ఆ ముక్క పనికిరాదు. రెండు షాట్లను పక్కపక్కన పెట్టినప్పుడు వాన ఒకదానిలో ఎడమ నుంచి, మరొకదానిలో కుడి నుంచి పడుతుంటే అతుకు తెలిసిపోతుంది. వేగంగా గిర్రున తిరిగే అడుగులను యంత్రం ఎక్కువగా పాడుచేస్తుంది కాబట్టి ఒక ముక్కకు ఒకే కదలిక అడగండి. వరుసగా మూడు నాలుగు అడుగులు కలిసిన జతి కావాలంటే నిజమైన డాన్సరుతో తీసుకోవడమే ఇప్పటికి దారి. డాబా మీద గొట్టంతో వాన కురిపించి, వెనక ఒక్క లైటు పెట్టి, ఫోనుతో తీసినా అది మెరుగ్గా వస్తుంది. నీళ్లున్న చోట కరెంటు లైటు వాడేటప్పుడు మాత్రం దాన్ని తడి తగలని చోట, దూరంగా పెట్టండి, బ్యాటరీ లైటు దొరికితే అదే వాడండి.