తగ్గని ప్రాణాలు, బిగిసిన తెర

SXIOPO. ఈ ఆరు అక్షరాల్ని గేమ్ జీని అనే పరికరంలో కొట్టి సూపర్ మారియో బ్రదర్స్ మొదలుపెడితే మారియో గుంటలో పడ్డా, తాబేలు తగిలి చచ్చినా ప్రాణాల లెక్క తగ్గదు. చివరి O బదులు P కొడితే మాత్రం మారియో మొదటిసారి చచ్చిన క్షణంలోనే ఆట కుప్పకూలుతుంది. చీట్ కోడ్ లోపల ఏం చేస్తుంది, కొన్ని కోడ్‌లు ఆటను ఎందుకు ముంచుతాయి అనే రెండు ప్రశ్నలకూ జవాబు ఈ ఒక్క అక్షరం తేడాలో ఉంది.

మనవైపు టీవీకి తగిలించిన నకిలీ కన్సోళ్ల మీద, పసుపు రంగు క్యాసెట్లతో ఆడినవాళ్లకు చీట్ అనగానే కాంట్రా గుర్తొస్తుంది. మొదటి తెర మీద పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి, ఎడమ కుడి, తర్వాత B, A, స్టార్ట్. ముప్ఫై ప్రాణాలు. అది ఆట రాసినవాళ్లే లోపల దాచిపెట్టిన తలుపు. వాళ్లు రాసిందే కాబట్టి దానివల్ల ఆట కూలదు. ఇక్కడ చెప్పుకునేవి ఆ జాతివి కావు. ఆట రాసినవాళ్లకు తెలియకుండా బయటివాళ్లు చొప్పించేవి.

గేమ్ జీనిని బ్రిటన్‌లోని కోడ్‌మాస్టర్స్ తయారుచేసింది, అమెరికాలో గలూబ్ అనే బొమ్మల కంపెనీ అమ్మింది. నింటెండో కన్సోల్‌కూ క్యాసెట్‌కూ మధ్యలో దీన్ని ఇరికించాలి. కన్సోల్ ఆన్ చేయగానే ముందు దీని తెర వస్తుంది. అక్కడ మూడు కోడ్‌ల దాకా కొట్టుకుని ఆట మొదలుపెడతారు. ప్రాసెసర్ 'ఫలానా చోట ఏముంది?' అని క్యాసెట్‌ను అడిగిన ప్రతిసారీ ఆ ప్రశ్న ఈ పరికరం మీదుగా వెళ్తుంది. కోడ్‌లో ఉన్న చోటు కాకపోతే క్యాసెట్ ఇచ్చిన జవాబును అలాగే వదిలేస్తుంది. అదే చోటైతే జవాబు తానే ఇస్తుంది. క్యాసెట్‌లోని చిప్ ఏమీ మారదు, కరెంటు తీసేస్తే అంతా మామూలే. నింటెండో కోర్టుకెక్కినా 1992లో అమెరికా అప్పీలు కోర్టు గలూబ్ పక్షానే నిలిచింది. పాత ఆట నుంచి ఇది కొత్త ఆటను తయారుచేయడం లేదన్నది అక్కడ ముఖ్యమైన వాదన.

ఆ అక్షరాలు అర్థం లేని గీతల్లా కనిపిస్తాయి గానీ అవి అంకెలే. గేమ్ జీనికి పదహారు అక్షరాలే తెలుసు. ఒక్కో అక్షరం కంప్యూటర్లు వాడే పదహారు అంకెల లెక్కలో ఒక అంకె:

```
A P Z L G I T Y E O X U K S V N
0 1 2 3 4 5 6 7 8 9 A B C D E F
```

అక్షరాలను అంకెలుగా మార్చి, వాటిలోని ముక్కల్ని పేకముక్కల్లా కలిపేశారు. ఆ కలపడం విప్పితే SXIOPO చెప్పేది ఇంతే: '91D9 అనే అడ్రస్‌లో ఏముందని అడిగితే AD అని చెప్పు.' ఒక చోటు, ఒక విలువ. అంతకుమించి ఏమీ లేదు.

ఆ చోట మారియో క్యాసెట్‌లో అసలు ఉన్నది ఇది:

```
CE 5A 07   10 0B   A9 00
```

CE అంటే 'ఒకటి తగ్గించు'. ఎక్కడ తగ్గించాలో తర్వాతి రెండు బైట్లు చెబుతాయి. వెనకనుంచి ముందుకు చదివితే 075A. మారియో ప్రాణాల లెక్క ఉండే మెమరీ గడి అది. తర్వాతి 10 0B అర్థం: 'మిగిలింది సున్నా కంటే తక్కువ కాకపోతే ఆట కొనసాగించు.' తక్కువైతే గేమ్ ఓవర్ వైపు నడుస్తుంది. ఇప్పుడు CE స్థానంలో AD పెడితే 'తగ్గించు' పోయి 'చదువు' వస్తుంది. ప్రాసెసర్ ప్రాణాల లెక్కను చదివి, సున్నా కంటే తక్కువ కాదని చూసుకుని, ముందుకు పోతుంది. తగ్గించే పని ఎవరూ చేయలేదు. నాకు ఇందులో నచ్చేది ఎంపికలోని నేర్పు. AD కూడా CE లాగే మూడు బైట్ల ఆదేశం. పైగా చదివిన విలువ సున్నా కంటే తక్కువో కాదో అది కూడా గుర్తుపెడుతుంది. కాబట్టి వెనకున్న ప్రశ్నకు సరైన జవాబు దొరుకుతుంది.

SXIOPP దగ్గర ఈ నేర్పు చెడుతుంది. అడ్రస్ అదే, విలువ మాత్రం AD బదులు A5. ఇదీ చదవమనే ఆదేశమే, కానీ రెండే బైట్లది. A5 5A తో దాని పని అయిపోయింది. మిగిలిన 07 అడ్రస్‌లో సగంగా ఉండాల్సింది, ఇప్పుడు కొత్త ఆదేశమై కూర్చుంది. అది పక్కనున్న 10 ని మింగుతుంది. దాని తర్వాత 0B ఆదేశమై A9 ని మింగుతుంది. ఇక వచ్చేది 00. ఈ ప్రాసెసర్‌కు 00 అంటే 'చేస్తున్న పని ఆపి, అత్యవసర దారిలో పో.' మారియో ఆట ఆ దారిని వాడుకోదు, అక్కడ పనికొచ్చే ఆదేశాలేమీ లేవు. తెర అలాగే బిగుసుకుంటుంది. చిత్రమేమిటంటే ఈ కోడ్ పెట్టుకుని మారియో చావకుండా ఎంతసేపు ఆడినా ఏమీ కాదు. ఆ వరుస ఆదేశాలు ప్రాణం పోయినప్పుడే నడుస్తాయి. అందుకే కొన్ని కోడ్‌లు గంటసేపు బాగా పనిచేసి, ఏదో ఒక చోట ఆటను కూల్చేస్తాయి.

మారియో చిన్న ఆట, దాని ప్రోగ్రామ్ 32 కిలోబైట్లే. నింటెండో ప్రాసెసర్ క్యాసెట్‌ను చూసే కిటికీ కూడా సరిగ్గా అంతే. తర్వాతి పెద్ద ఆటలు ఆ కిటికీలో పట్టవు. అవసరాన్ని బట్టి ప్రోగ్రామ్ ముక్కల్ని మార్చి మార్చి అక్కడ పెడతాయి. అంటే అడ్రస్ లాడ్జిలో గది నంబరు లాంటిది. పొద్దున ఒకరు దిగితే రాత్రికి ఇంకొకరు. ఆరక్షరాల కోడ్ లోపల ఎవరున్నారో చూడకుండా తలుపు తడుతుంది. ప్రాణాలు తగ్గించే ముక్క బదులు బొమ్మల సమాచారమో, పాట స్వరాలో ఉన్నప్పుడు కూడా అదే విలువను తోసేస్తుంది. అందుకే ఎనిమిదక్షరాల కోడ్‌లు వచ్చాయి. వాటిలో మూడో విషయం ఒకటి ఉంటుంది: అక్కడ అసలు ఏ విలువ ఉండాలి. మన మారియో కోడ్‌నే అలా రాస్తే SXSOPOVK అవుతుంది. '91D9లో CE ఉంటేనే AD అని చెప్పు.' ఆరక్షరాలదీ ఎనిమిదక్షరాలదీ మీ దగ్గర ఉంటే ఎనిమిదక్షరాలదే వాడండి.

రెండో రకం పరికరాలు దారి మార్చాయి. బ్రిటన్‌లోని డాటెల్ తెచ్చిన యాక్షన్ రీప్లే, అమెరికాలో అమ్మిన గేమ్‌షార్క్ ప్రోగ్రామ్ జోలికి పోకుండా ఆట నడుస్తున్నప్పటి మెమరీలోనే విలువను రాస్తాయి. ఒకసారి రాసి ఊరుకోవు, సెకనుకు పదుల సార్లు మళ్లీ మళ్లీ రాస్తూనే ఉంటాయి. ఎమ్యులేటర్‌లో మారియోకు ఇదే పని చేయాలంటే 075A అడ్రస్‌కు 08 అని ఇస్తే చాలు. తెర మీద తొమ్మిది ప్రాణాలు కనిపిస్తాయి, ఎందుకంటే ఈ ఆట లోపలి లెక్కకు ఒకటి కలిపి చూపిస్తుంది. చచ్చినప్పుడు ఆట 8ని 7 చేస్తుంది, మరుక్షణం కోడ్ దాన్ని మళ్లీ 8 చేస్తుంది.

ఇక్కడే ఆశపోతులు దెబ్బతింటారు. ఒక బైట్‌లో పట్టే అతి పెద్ద విలువ FF, అంటే 255. అది పెడితే 255 ప్రాణాలని అనుకుంటాం. కానీ 'సున్నా కంటే తక్కువా?' అని అడిగే ఆదేశం దృష్టిలో 128, అంతకు మించినవన్నీ రుణ సంఖ్యలు. 255లోంచి ఒకటి తీస్తే 254. అది రుణ సంఖ్య. ఒక్క చావుకే గేమ్ ఓవర్. ఆట కూలలేదు, తనకిచ్చిన లెక్క తాను సరిగ్గానే చేసింది.

మెమరీ కోడ్‌లలో కూలడానికి ఎక్కువగా కారణమయ్యేది రాత వెడల్పు. ప్లేస్టేషన్ గేమ్‌షార్క్ కోడ్ 80తో మొదలైతే రెండు బైట్లు రాస్తుంది, 30తో మొదలైతే ఒకటే. నింటెండో 64లో అదే 80 ఒక బైట్ రాస్తుంది, రెండింటికి 81 కావాలి. ప్రాణాల గడి ఒక బైటే అయి, దానికి రెండు బైట్ల కోడ్ రాస్తే పక్క గడి కూడా చెరిగిపోతుంది. ఆ పక్క గడిలో లెవెల్ నంబరు ఉందనుకోండి, ఇక ఆట లేని లెవెల్‌ను వెతుక్కుంటూ పోతుంది. ప్లేస్టేషన్ ప్రాసెసర్ ఇంకో మెట్టు కఠినం: రెండు బైట్ల రాతకు అడ్రస్ సరి సంఖ్య కాకపోతే అక్కడికక్కడే తప్పు పట్టి ఆగిపోతుంది.

ఆట కూర్పు మారినా అంతే. గేమ్‌బాయ్ పోకెమాన్ రెడ్, బ్లూలలో అడవిలో మ్యూ ఎదురయ్యేలా చేసే కోడ్ 0115D8CF. ఇందులో 15 మ్యూకు లోపలి నంబరు, D8CF తిప్పి చదివితే CFD8 అడ్రస్. పోకెమాన్ యెల్లోలో ఆ గడి ఒక్క బైట్ వెనక్కి జరిగింది, కాబట్టి అక్కడ D7CF రాయాలి. అమెరికా, జపాన్, యూరప్ కూర్పుల మధ్య, ఒకే ఆటకు తర్వాత వచ్చిన సవరణల మధ్య ఇలాంటి జరుగుళ్లు మామూలే. పెద్దక్షరాలతో జాబితా నిండా కోడ్‌లు ఇచ్చి, ఏ కూర్పుకో చెప్పని పుస్తకాల్ని నేను నమ్మను.

ఎమ్యులేటర్‌లో కోడ్ కొట్టడం తేలికే. FCEUX, Mesen లాంటి నింటెండో ఎమ్యులేటర్లలో ఆట తెరిచాక Tools మెనూలో Cheats కనిపిస్తుంది. గేమ్ జీని అక్షరాలైనా, అడ్రస్ విలువ విడివిడిగా అయినా ఇవ్వొచ్చు. మూడు కోడ్‌ల హద్దు లేదు. RetroArch లో ఆట నడుస్తుండగా Quick Menu లోకి, అక్కడి నుంచి Cheats లోకి వెళ్లి కోడ్ ఆన్ చేశాక Apply Changes నొక్కాలి. అది మరిచిపోయి కోడ్ పనిచేయలేదనుకునేవాళ్లు చాలామంది. గేమ్ జీనికి O ఉంది, సున్నా లేదు. గేమ్‌షార్క్‌కు సున్నా ఉంది, O లేదు. పాత పుస్తకాల అచ్చులో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఆట కూలితే కోడ్‌లన్నీ ఆపేసి, ఒక్కొక్కటే ఆన్ చేస్తూ చూడాలి. తెరవగానే కూలితే కోడ్ వేరే కూర్పుది కావచ్చు. గేమ్‌బాయ్ అడ్వాన్స్, ప్లేస్టేషన్ 2 అయితే ముందుగా పెట్టాల్సిన మాస్టర్ కోడ్ మరిచిపోయి ఉండవచ్చు. లెవెల్ మారేటప్పుడో, ఒక ప్రత్యేకమైన పని చేసినప్పుడో కూలితే కోడ్ రాస్తున్న చోటును ఆట అప్పుడు వేరే పనికి వాడుకుంటోందని అనుమానించాలి. అలాంటి కోడ్‌ను ఆ దశ దాటేదాకా ఆపి, తర్వాత ఆన్ చేస్తే చాలాసార్లు గట్టెక్కుతుంది.

కోడ్ పెట్టేముందు మాత్రం ఆటలోని సేవ్ ఫైల్‌ను వేరే చోట కాపీ చేసి ఉంచండి. గేమ్ జీని జవాబులు ఆపగానే మాయమవుతాయి. మెమరీలో రాసిన తప్పు విలువ అలా కాదు. కోడ్ ఆపినా అది అక్కడే ఉంటుంది, ఆ స్థితిలో ఆటను సేవ్ చేస్తే దానితోపాటు సేవ్ ఫైల్‌లోకి వెళ్లిపోతుంది. ఆ తర్వాత కోడ్‌లేవీ లేకుండా తెరిచినా ఆట కూలుతుంటే తప్పు సేవ్ ఫైల్‌లోనే ఉంది, కాపీ చేసిన పాతది తెచ్చి పెట్టుకోవాలి.