చెక్కుకు ఆఖరి రోజు ఏది?

చెక్కు మీద వేసిన తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలన్నది చాలామందికి తెలిసిందే. ఒకప్పుడు ఆరు నెలల గడువుండేది. కొందరు ఆ చెక్కులను నోట్లలాగా చేతులు మారుస్తున్నారని రిజర్వు బ్యాంకు 2012 ఏప్రిల్ 1 నుంచి దాన్ని సగానికి తగ్గించింది. డ్రాఫ్టులకూ ఇదే వర్తిస్తుంది. అయితే ఆఖరి రోజు ఎలా లెక్కపెట్టాలి, ఆ రోజుకు చెక్కు ఎక్కడ ఉండాలి అన్న దగ్గరే డబ్బు చిక్కుకుంటోంది.

ఒక రైతుకు ధాన్యం వ్యాపారి 2025 నవంబర్ 30 తేదీ వేసి చెక్కు ఇచ్చాడనుకుందాం. చెక్కు చేతికి ఏ రోజు అందిందన్నది లెక్కలోకి రాదు, దాని మీదున్న తేదీయే ముఖ్యం. ఇలాంటి లెక్కలో మొదటి రోజును వదిలేయాలని సుప్రీంకోర్టు 2013లో ఒక చెక్కు కేసులో చెప్పింది. గడువు తొంభై రోజులని కాదు, క్యాలెండరు నెలల్లో చూడాలి. అంటే డిసెంబర్ 1న మొదలై, 2026 ఫిబ్రవరి 28తో ముగుస్తుంది.

ఆ ఫిబ్రవరి 28 నాలుగో శనివారం, బ్యాంకులకు సెలవు. సెలవు వచ్చింది కాబట్టి సోమవారం తీసుకుంటారులే అనుకోవడం ప్రమాదం. ఆ రైతుకు అసలైన ఆఖరి రోజు 27, శుక్రవారం.

శుక్రవారం తన బ్యాంకులో వేసినా చాలదు. చెక్కు బౌన్స్ కేసు నిలవాలంటే, అది గడువులోపు చెక్కు రాసిన వ్యక్తి బ్యాంకుకు చేరి ఉండాలని సుప్రీంకోర్టు 2001లోనే తేల్చింది. మన బ్యాంకు ఇచ్చిన రసీదు మీది తేదీ దానికి సరిపోదు. ఇప్పుడు చెక్కు కాగితం ఊళ్లు తిరగదు, స్కాన్ చేసిన బొమ్మే వెళ్తుంది కాబట్టి ఆలస్యం తగ్గింది. కానీ శుక్రవారం సాయంత్రం డ్రాప్ బాక్సులో పడేసిన చెక్కు సోమవారం దాకా కదలకపోవచ్చు. అందుకే నా మాట ఒక్కటే: కనీసం వారం ముందే కౌంటర్లో ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి.

గడువు దాటిన చెక్కును 'పాతబడింది' అన్న కారణంతో తిప్పి పంపుతారు. ఖాతాలో డబ్బు లేక తిరిగొచ్చినట్టు కాదిది. కాబట్టి దాని ఆధారంగా 138 సెక్షన్ కింద బౌన్స్ కేసు వేయలేరు. బాకీ మాత్రం పోదు. సివిల్ దావా వేసుకోవచ్చు, దానికి వేరే కాలపరిమితి ఉంటుంది.

అవతలివారు సహకరిస్తే పాత చెక్కునే బతికించవచ్చు. రాసినవారే కొత్త తేదీ వేసి, దాని పక్కన పూర్తి సంతకం చేయాలి. చెక్కు మీద ఇతర దిద్దుబాట్లను క్లియరింగ్‌లో ఒప్పుకోరు గానీ, గడువు పొడిగించడానికి తేదీ మార్చడానికి మినహాయింపు ఉంది. తీసుకున్నవారు తమంతట తాము తేదీ దిద్దితే అది చెక్కును చెడగొట్టడమే అవుతుంది. వీలైతే పాతది తిరిగి ఇచ్చేసి కొత్త చెక్కు రాయించుకోవడమే మేలు.