మీకు తెలుసా? వానగాలి తాగిన కాఫీ

కాఫీ గింజకు తేమే శత్రువు. మంగళూరు తీరంలో మాత్రం దాన్ని కావాలనే మూడు నాలుగు నెలలు వానగాలికి వదిలేస్తారు. అదే ‘మాన్సూన్డ్ మలబార్’.

పండుతో సహా ఎండబెట్టి, పొట్టు తీసిన గింజల్ని జూన్‌లో పక్కలు తెరిచిన గోదాముల్లో పరుస్తారు. చినుకు పడనివ్వరు, గాలి మాత్రమే తగలాలి. రోజూ తిరగేస్తుంటారు, లేకపోతే బూజు పట్టేస్తుంది. తర్వాత సంచుల్లోకి వదులుగా నింపి, మధ్యలో గాలి ఆడేలా పేరుస్తారు. సెప్టెంబరుకల్లా గింజ ఉబ్బి, పచ్చదనం పోయి, లేత బంగారు రంగుకు తిరుగుతుంది.

ఒకప్పుడు తెరచాప ఓడల్లో ఐరోపాకు చేరేలోగా ఈ మార్పు దానంతటదే జరిగేది. 1869లో సూయజ్ కాలువ తెరుచుకుంది, ఆవిరి ఓడలూ వచ్చాయి, ప్రయాణం తగ్గింది. పాత రుచి మరిగినవాళ్ల కోసం ఆ పనిని ఒడ్డుకు తెచ్చారు.

పులుపు బాగా తగ్గి చిక్కదనం, మట్టి, మసాలా వాసనలు మిగులుతాయి. పుల్లని కాఫీ పడనివాళ్లకూ, పాలు దండిగా పోసుకునేవాళ్లకూ ఇది నచ్చుతుంది. పళ్ల పరిమళం కోసం అరకు అరబికా కొనేవాళ్లకు మాత్రం చప్పగా, కాస్త ముక్క వాసనగా అనిపించవచ్చు.