బయోడేటాలో గోత్రం గడి

మా అన్న కూతురి పెళ్లి బయోడేటాను నేనే కూర్చాను. వాడుకలో ఉన్న చాలా నమూనాల్లో పేరు, పుట్టిన తేదీ తర్వాత కులం, ఉపకులం, గోత్రం వస్తాయి. చదువు ఆ తర్వాతే. గోత్రం పాటించని ఇళ్లవారు ఆ గడిని ఖాళీగా వదిలితే, ఆ ఖాళీయే వారి కులాన్ని చెప్పేస్తుంది. అందుకే గడినే తొలగించాను.

ఏ4 కాగితానికి నాలుగు వైపులా 2 సెంటీమీటర్ల అంచు విడిచి, కుడివైపు పైమూలన ఫొటో ఉంచాను. దాని పక్కన పేరు, వయసు, ఎత్తు, కింద చదువు, ఉద్యోగం, ఆపైన కుటుంబం, చివర అన్న ఫోన్ నంబరు. వివరాలు రెండో పేజీలోకి జారినప్పుడు 11 పాయింట్ల అక్షరాన్ని తగ్గించలేదు, మేనమామల హోదాల జాబితాను తీసేశాను. (వారి ఉద్యోగాలు పిల్ల అర్హతలెట్లా అవుతాయి?) అమరిక చెదరకుండా పీడీఎఫ్‌గానే పంపాం.

తల్లి వృత్తి దగ్గరే వాదన నడిచింది. 'గృహిణి' అని వేయమన్నారు బంధువులు. వదిన ముప్పై ఏళ్లుగా నాట్లకు వెళుతున్న మనిషి. 'వ్యవసాయ కూలీ' అనే వేయమని పిల్లే పట్టుబట్టింది.

పెళ్లి ప్రకటనల్లో 'కులం పట్టింపు లేదు' అన్న మాట వెనకే 'ఎస్సీ, ఎస్టీలు తప్ప' అని కనిపించడం కొత్త కాదు. మా కాగితంలో మొదటి మాట మాత్రమే ఉంది. అయినా కాగితం దాచినదాన్ని ఫోను అడుగుతుంది. ముందు ఇంటిపేరు, తర్వాత ఊరు, ఆ తర్వాత ఊళ్లో ఇల్లు ఏ వైపని అడుగుతున్నారు.