ఫలితం జట్టుది, పని ఎవరిది?

అప్రైజల్ ఫారంలో “ఈ ఏడాది మీరు సాధించినదేమిటి?” అనే గడి దగ్గరకు వచ్చేసరికి చాలామంది ఉద్యోగులు రెండు దారుల్లో ఒకటి పడతారు. కొందరు జట్టంతా కలిసి తెచ్చిన ఫలితాన్ని “నేను సాధించాను” అని రాస్తారు. మరికొందరు అంతా “మేము” అని రాసి, తాము చేసిన పనిని కూడా అందులోనే కలిపేస్తారు. మొదటిది గొప్పలు చెప్పుకోవడం, రెండోది వినయం అని మనం అనుకుంటాం. నిజానికి రెండింటిలోనూ ఉన్న లోపం ఒక్కటే. జట్టు ఫలితం ఒక విషయం, అందులో ఒక మనిషి చేసిన పని మరో విషయం. ఈ రెండిటినీ విడివిడిగా చెప్పి, వాటి మధ్య సంబంధం ఎంతవరకు రుజువైందో అంతవరకే చెప్పాలి. నిజాయితీకి కావలసింది అదే, చెప్పే మాటకు బలమిచ్చేదీ అదే. దీనికి అడ్డుపడే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ 1: నా వాటా ఎంతో నాకు తెలుసు, కావాలని అబద్ధం చెప్పకపోతే చాలు.

వాస్తవం: అబద్ధం చెప్పే ఉద్దేశం లేనివాళ్ల లెక్క కూడా తప్పుతుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ రాస్, ఫియోర్ సికోలీ 1979లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో చాలా ప్రసిద్ధి. ఇంటి పనుల్లో ఎవరి వాటా ఎంతో భార్యనూ భర్తనూ విడివిడిగా అడిగి, ఇద్దరి జవాబులనూ కలిపి చూశారు. చాలా జంటల విషయంలో మొత్తం నూరు శాతం దాటింది. ఇది కేవలం గొప్ప కోసం చెప్పుకోవడం అయితే మంచి పనుల దగ్గరే కనిపించాలి. కానీ గొడవలకు కారణమవడం వంటి పేరు రాని విషయాల్లో కూడా ఎవరికి వారు తమ వాటానే ఎక్కువగా చెప్పుకునే ధోరణి కనిపించింది. కారణం జ్ఞాపకంలో ఉంది. మనం పడిన శ్రమ మనకు అడుగడుగునా గుర్తుంటుంది. పక్కవాళ్ల శ్రమలో మన కంటపడిన భాగమే గుర్తుంటుంది. అందుకే “గుండె మీద చెయ్యి వేసుకుని రాశాను” అన్న మాట ఒక్కటీ సరిపోదు. తర్వాతి పరిశోధనలు దీనికి ఒక చిన్న మందు కూడా చూపించాయి. తమ వాటా చెప్పే ముందు మిగతా సభ్యుల్లో ఒక్కొక్కరు ఏం చేశారో విడివిడిగా తలచుకున్నవాళ్లలో ఈ అతి తగ్గింది. పూర్తిగా పోలేదు గానీ, తగ్గింది. కాబట్టి అప్రైజల్ రాసేటప్పుడు ముందు రాయాల్సింది మన పని కాదు, తక్కినవాళ్ల పనుల జాబితా.

అపోహ 2: ఫలితాన్ని శాతాల్లో పంచుకుంటే లెక్క తేలిపోతుంది.

వాస్తవం: కలిసి చేసిన పని చాలాసార్లు భాగాలుగా విడిపోదు. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుని చివరిదాకా చూద్దాం. బిల్లులు కట్టే ఒక యాప్‌లో నూటికి 6 చెల్లింపులు ఫెయిలవుతున్నాయి. మూడు నెలల్లో అవి నూటికి 2కి తగ్గాయి. ఈలోగా నాలుగు సంగతులు జరిగాయి. టెస్టర్ పాత లాగ్‌లన్నీ వడగట్టి, ఎక్కువ ఫెయిల్యూర్లకు కారణం ఒక బ్యాంకు నుంచి సకాలంలో జవాబు రాకపోవడమేనని తేల్చింది. తర్వాత ఆ బ్యాంకే తన సర్వర్లను బాగుచేసుకుంది. దాంతో 6 కాస్తా 5 అయింది, ఇందులో జట్టు ప్రమేయమే లేదు. ఆపైన ఒక డెవలపర్ రెండో పేమెంట్ గేట్‌వేను కలిపాడు. 5 కాస్తా 3 అయింది. చివరగా ఇంకో డెవలపర్, ఫెయిలైన చెల్లింపు దానంతటదే మళ్లీ ప్రయత్నించేలా కోడ్ రాసింది. 3 కాస్తా 2 అయింది. మళ్లీ ప్రయత్నించడంలో ఒక ప్రమాదం ఉంది. మొదటిసారే డబ్బు కట్ అయి, ఆ సమాచారం మాత్రం రాకపోయి ఉంటే, కస్టమర్ ఖాతాలోంచి రెండుసార్లు డబ్బు పోతుంది. అందుకని ఆమె ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేక సంఖ్య కేటాయించింది. అదే సంఖ్యతో రెండో అభ్యర్థన వస్తే గేట్‌వే మళ్లీ డబ్బు తీసుకోదు.

ఇప్పుడు ఈ చివరి డెవలపర్ తన రెజ్యూమెలో ఏం రాసుకోవాలి? “పేమెంట్ ఫెయిల్యూర్లను 67 శాతం తగ్గించాను” అన్నది అందరికీ అలవాటైన వాక్యం. 6 నుంచి 2కి తగ్గడం 67 శాతమే కాబట్టి అంకె నిజం, కర్త మాత్రం అబద్ధం. అందులో బ్యాంకు చేసిన పనీ ఉంది, పక్క డెవలపర్ చేసిన పనీ ఉంది. పోనీ, తగ్గిన 4లో తన వంతు 1 కాబట్టి “నా వాటా పాతిక శాతం” అనవచ్చా? అదీ నిలవదు. రెండో గేట్‌వే ఆదుకున్న చెల్లింపుల్లో కొన్నిటిని ఆమె కోడ్ కూడా ఆదుకోగలిగేదే. ఆమె రిలీజ్ ముందు జరిగి ఉంటే 5 నుంచి 3కి తగ్గిన ఘనత ఆమె కోడ్‌కే దక్కి ఉండేది, గేట్‌వేకు 1 మిగిలేది. అంటే ఆ పాతిక శాతం ఆమె పని విలువను కాదు, రిలీజ్ తేదీల వరసను చెబుతోంది. ఇక టెస్టర్ వాటా ఎంత? ఆమె పనివల్ల నేరుగా ఒక్క ఫెయిల్యూర్ కూడా తగ్గలేదు. కానీ ఆమె కారణం తేల్చకపోతే తర్వాతి ఇద్దరూ ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక వెతుక్కునేవాళ్లు. శాతాల లెక్కలో ఆమెకు సున్నా వస్తుంది. అంత ముఖ్యమైన పనికి సున్నా వేసే లెక్కను నమ్మకూడదు.

నిజాయితీ గల వాక్యం ఇలా ఉంటుంది: “మా జట్టు పనితోనూ, బ్యాంకు తన వైపు చేసుకున్న మార్పుతోనూ మూడు నెలల్లో పేమెంట్ ఫెయిల్యూర్లు నూటికి 6 నుంచి 2కి తగ్గాయి. అందులో, ఫెయిలైన చెల్లింపు రెండుసార్లు డబ్బు కట్ కాకుండా మళ్లీ ప్రయత్నించే విధానాన్ని నేను రూపొందించి కోడ్ రాశాను. అది విడుదలైన తర్వాతి రెండు వారాల్లో, వేరే మార్పేదీ లేనప్పుడు, ఫెయిల్యూర్లు 3 నుంచి 2కి తగ్గాయి. సమస్య మూలాన్ని లాగ్‌ల నుంచి తేల్చింది మా టెస్టర్.” ఇందులో జట్టు ఫలితం ఉంది, సొంత పని ఉంది, రెండిటినీ కలిపే ఆధారం ఉంది, ఆ ఆధారం హద్దు కూడా ఉంది. రాసిన వాక్యం సరైనదో కాదో చూసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది: ఈ వాక్యాన్ని జట్టులో మరొకరు కూడా తమ రెజ్యూమెలో ఉన్నదున్నట్టు రాసుకోగలరా? రాసుకోగలిగితే అది జట్టు ఫలితం, దాన్ని “మా” అనే చెప్పాలి. ఒక్కరే రాసుకోగలిగితే అది ఆ ఒక్కరి పని. “లీడ్ చేశాను”, “కీలక పాత్ర పోషించాను”, “పాలుపంచుకున్నాను” వంటి మాటలు ఈ పరీక్షలో వెంటనే తేలిపోతాయి, ఎందుకంటే వాటిని జట్టులో అందరూ రాసుకోవచ్చు.

అపోహ 3: అంతా “మేము” అని చెబితే ఏ గొడవా ఉండదు, అదే సంస్కారం.

వాస్తవం: ఎవరేం చేశారో చెప్పకుండా వదిలేస్తే ఆ ఖాళీ ఖాళీగా ఉండిపోదు. వినేవాళ్లు తమకు ముందునుంచీ ఉన్న అభిప్రాయాలతో దాన్ని నింపుకుంటారు. అమెరికాలో మాడలిన్ హైల్మన్, మిషెల్ హేన్స్ 2005లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా కనిపించింది. ఒక పురుషుడు, ఒక స్త్రీ కలిసి విజయవంతంగా చేసిన పని గురించి చెప్పి, ఇద్దరి సామర్థ్యాన్నీ అంచనా వేయమన్నారు. ఉమ్మడి ఫలితం మాత్రమే తెలిసినప్పుడు స్త్రీని తక్కువ అంచనా వేశారు. ఆమె చేసింది ఏమిటో స్పష్టంగా తెలిసినప్పుడు ఆ తేడా పోయింది. అంటే “మేము” అన్న మాటకు ఖరీదు అందరూ సమానంగా చెల్లించడం లేదు. ఇప్పటికే పెద్ద పేరో హోదానో ఉన్నవాళ్లకు అది ఏ నష్టమూ చేయదు, కొత్తగా చేరినవాళ్ల పనినీ ఆడవాళ్ల పనినీ మాత్రం మాయం చేస్తుంది. తన పని తాను స్పష్టంగా చెప్పడం గొప్పలకు పోవడం కాదు, వినేవాళ్లకు తప్పుడు ఊహ కలగకుండా చూడటం.

అపోహ 4: పక్కవాళ్ల పేరు చెబితే మన ఘనత తగ్గిపోతుంది.

వాస్తవం: తెలుగువాళ్లకు బాగా తెలిసిన యల్లాప్రగడ సుబ్బారావు విషయమే చూడండి. ఆరియోమైసిన్ అనే టెట్రాసైక్లిన్ మందును ఆయనే కనిపెట్టారని మన దగ్గర తరచుగా చెబుతారు. అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఆయన సారథ్యంలో సాగిన పరిశోధనలో, ఆ మందునిచ్చే సూక్ష్మజీవిని మట్టి నమూనాలోంచి వేరుచేసింది వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయడం గురించి 1945లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పత్రానికి 16 మంది రచయితలు. అందులో సుబ్బారావు పేరు ఏడోది. రెండు ప్రయోగశాలల వాళ్ల పేర్లను ఇంగ్లిషు అక్షరక్రమంలో ఒకదాని తర్వాత ఒకటి పేర్చారు గనుక ఆ స్థానాన్ని బట్టి ఎవరి పని ఎంతో తెలియదు. ఈ సంగతులు చెప్పడం వల్ల ఆయనకు తగ్గేదేమీ లేదు. మందును వెలికితీసినవాడు వేరు, ఆ వెలికితీతలు జరిగే పరిశోధనకు సారథ్యం వహించినవాడు వేరు. రెండోది కూడా పెద్ద పనే, అదీ ఆయనది. డగ్గర్ పని కూడా ఆయన ఖాతాలో వేస్తే, ఆయన నిజంగా చేసిన పని ఏమిటో ఎవరికీ గుర్తుండదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. అందరూ 67 శాతం అని రాస్తుంటే నేను ఒక్కడినే 3 నుంచి 2 అని రాస్తే రెజ్యూమెల వడపోతలోనే పోతాను కదా? పది సెకన్లలో చదివి పక్కన పెట్టేవాళ్ల దగ్గర అలా జరగవచ్చు. దానికి చేయగలిగిందీ ఉంది: జట్టు సాధించిన పెద్ద అంకెను వదిలేయనక్కరలేదు, దాన్ని జట్టు పేరుతోనే ముందు రాసి, వెంటనే సొంత పనిని రాయవచ్చు. ఆ వడపోత దాటాక ఇంటర్వ్యూలో “మళ్లీ ప్రయత్నిస్తే రెండుసార్లు డబ్బు పోదా?” అని అడుగుతారు. ఆ పని చేసినవాళ్లు దీనికి వివరంగా జవాబు చెబుతారు. గేట్‌వే పని తనదని రాసుకున్నవాళ్లు, ఆ గేట్‌వేను ఎందుకు ఎంచుకున్నారని అడిగితే తడబడతారు. ఒక్క అంశం దగ్గర అలా దొరికిపోతే రెజ్యూమెలోని నిజాలను కూడా ఎవరూ నమ్మరు. సొంత సంస్థలో అయితే ఇంకా త్వరగా తెలిసిపోతుంది. ముగ్గురి అప్రైజల్ ఫారాలూ ఒకే మేనేజర్ బల్ల మీదికి వస్తాయి. మూడింటిలోనూ అదే 67 శాతం ఉంటే ఆ అంకె ఎవరికీ పనికిరాదు. మూడింటిలోనూ మూడు వేర్వేరు పనులు ఉండి, ప్రతి ఫారంలోనూ టెస్టర్ తేల్చిన కారణం గురించి ఒక వాక్యం ఉంటే, శాతాల లెక్కలో సున్నా వచ్చిన ఆమె పనికి కూడా సాక్ష్యం దొరుకుతుంది.