0.1కి 0.2 కలిపితే ఎంత?

సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో కొన్ని ప్రశ్నలు చిన్న తరగతుల లెక్కల్లా కనిపిస్తాయి. 0.1కి 0.2 కలిపితే ఎంత అని అడుగుతారు. 0.3 అని అభ్యర్థి ఠక్కున చెబుతాడు. పైథాన్ మాత్రం ఇలా చెబుతుంది:

```
>>> 0.1 + 0.2
0.30000000000000004
```

ఇది పైథాన్ లోపం కాదు. జావాలోనూ, జావాస్క్రిప్ట్‌లోనూ వచ్చేది ఇదే. మనం మూడో వంతును దశాంశాల్లో రాయబోతే 0.333... అంటూ ఎక్కడా ఆగదు. సున్నా, ఒకటి తప్ప వేరే అంకె లేని కంప్యూటర్‌కు పదో వంతుతో అదే చిక్కు: 0011 అనే వరుస మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం 64 బిట్ల సంఖ్యలో అంకెలకు దక్కే ఖచ్చితత్వం 53 బిట్లే. అక్కడితో ఆపి, అతి దగ్గరి విలువకు సర్దుతారు. ఆ సర్దుబాటులో 0.1, 0.2 రెండూ అసలు విలువ కన్నా రవ్వంత ఎక్కువగా, 0.3 రవ్వంత తక్కువగా నిల్వ అవుతాయి. అందుకే ఆ రెంటి మొత్తం 0.3కి సమానమా అని అడిగితే కాదంటుంది.

అసలు పరీక్ష ఆ తర్వాతి ప్రశ్నలో ఉంది: మరి ఖాతాలో డబ్బును ఎలా నిల్వ చేస్తారు? పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా పెడతామన్నది మంచి జవాబే. కానీ ఎన్ని బిట్ల పూర్ణాంకం? జావాలో మామూలుగా వాడే int 32 బిట్లది. దానిలో పట్టే అతి పెద్ద సంఖ్య 214,74,83,647. అన్ని పైసలంటే సుమారు 2 కోట్ల 14 లక్షల రూపాయలు. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఫ్లాటు ధరకే గిన్నె నిండిపోతుంది. ఆపైన ఒక్క పైసా చేరినా జావా ఎర్రర్ ఇవ్వదు, చడీచప్పుడు లేకుండా మొత్తాన్ని మైనస్‌లోకి తిప్పేస్తుంది. 64 బిట్ల long వాడితే ఆ బెడద తీరుతుంది.

ఈ గొడవ డబ్బు దగ్గరే ఆగదు. వరుసలో పేర్చిన జాబితాలో ఒక విలువను వెతకడానికి మధ్యకు వెళ్లి, అది ఎడమ సగంలో ఉందో కుడి సగంలో ఉందో చూసే బైనరీ సెర్చ్ ప్రతి విద్యార్థికీ తెలిసిందే. మధ్య స్థానాన్ని అందరూ ఇలాగే రాస్తారు:

```
int mid = (low + high) / 2;
```

low 150 కోట్లు, high 200 కోట్లు అనుకుందాం. రెండూ విడివిడిగా int లో పడతాయి. మొత్తం 350 కోట్లు పట్టదు, −79,49,67,296 అయిపోతుంది. సగం చేస్తే మైనస్ 39 కోట్ల పైచిలుకు. అలాంటి స్థానమే లేదు కాబట్టి ప్రోగ్రాం కూలుతుంది. జావా ప్రామాణిక లైబ్రరీలో ఆ కోడ్ రాసిన జాషువా బ్లాక్ 2006లో ఈ లోపాన్ని స్వయంగా బయటపెట్టాడు. అప్పటికి అది దాదాపు తొమ్మిదేళ్లుగా అందులోనే ఉంది. చిన్న జాబితాలతో ఎన్నిసార్లు పరీక్షించినా బయటపడే తప్పు కాదిది. మందు మాత్రం చిన్నదే: low + (high - low) / 2 అని రాస్తే మొత్తం ఎక్కడా హద్దు దాటదు.

తెలుగువాళ్లకు మరీ దగ్గరిది మూడో ప్రశ్న. ‘క్షేత్రం’ పొడవెంత? బడిపిల్లవాడు రెండక్షరాలంటాడు. పైథాన్‌లో len అడిగితే 8 అంటుంది. క, పొల్లు, ష, ఏత్వం, త, పొల్లు, ర, సున్న... ఇలా ఒక్కో గుర్తునూ యూనికోడ్ విడిగా లెక్కిస్తుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, కాబట్టి డిస్క్ మీద అది 24 బైట్లు. పేరు కాలమ్‌కు 20 బైట్లే కేటాయించి, మిగిలింది కోసేసే ప్రోగ్రాం ఉందనుకోండి. ఆరు గుర్తులకు 18 బైట్లు పోగా, ఏడోది అయిన ‘ర’లో రెండు బైట్లే మిగులుతాయి. ‘క్షేత్’ తర్వాత తెర మీద � కనిపిస్తే జరిగింది ఇదేనని అనుమానించాలి.

మాటను తిరగరాయమనడం ఇంటర్వ్యూల్లో మరీ పాత ప్రశ్న. గుర్తులవారీగా తిప్పితే ‘ంర్తేష్క’ వస్తుంది, కావలసింది ‘త్రంక్షే’. అంటే ముందు అక్షరాలుగా విడగొట్టి, ఆ తర్వాతే తిప్పాలి. జాగ్రత్తగల అభ్యర్థి కోడ్ రాయకముందే అడుగుతాడు: పొడవంటే బైట్లా, గుర్తులా, చదివేవాడికి కనిపించే అక్షరాలా?

ఆ కనిపించే అక్షరాల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. యూనికోడ్ పాత నియమాల్లో సంయుక్తాక్షరం పొల్లు దగ్గర తెగిపోయేది, కాబట్టి పాత లైబ్రరీ ‘క్షేత్రం’ను క్, షే, త్, రం అని నాలుగు ముక్కలు చేస్తుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాలు పాటించే లైబ్రరీ మాత్రం తెలుగు బడిలో లెక్కపెట్టినట్టే రెండు అంటుంది.